చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగం: ఫొటో కింద ఏం రాయాలి?

శైలజ_స్లైడ్స్
అందరికీ నమస్కారం. నేను మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. పాప కడుపులో ఉన్నప్పుడు ఉద్యోగం మానేశాను. పదకొండేళ్ళయింది. వచ్చే సోమవారం ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో చేరుతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో పెట్టి, కింద నాలుగు మాటలు రాయాలని ఉంది. పాత స్నేహితులు చాలామంది అందులోనే ఉన్నారు.

టెన్షన్‌గా ఉంది, అది దాచాలని లేదు. లోపల కొంచెం గర్వంగానూ ఉంది, కానీ డప్పు కొట్టుకున్నట్టు ఉండకూడదు. ఈ రెండూ కలిపి రాయబోతే ఇలా వచ్చింది:

"పెళ్ళయ్యి, పాప పుట్టి, ఇంటి బాధ్యతల వల్ల నాకెంతో ఇష్టమైన ఉద్యోగాన్ని వదిలి, పదకొండేళ్ళ సుదీర్ఘ విరామం తర్వాత, ఎన్నో భయాలు, సందేహాల మధ్య, కుటుంబ సభ్యుల ప్రోత్సాహంతో మళ్ళీ నా రెండో ఇన్నింగ్స్ మొదలుపెడుతున్నానని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కలలకు వయసుతో పనిలేదు! మీ అందరి ఆశీస్సులు కావాలి 🙏"

చదివితే నాది కానట్టే ఉంది. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి.

కిరణ్_కె
బాగానే ఉందండీ. కొంచెం పొడుగైంది, అంతే. ఫీడ్‌లో మొదటి 125 అక్షరాలే కనపడతాయి, మిగతాది "more" నొక్కితేనే. కాబట్టి 125లో ముగించండి. ఇంకో మాట, భయాలు, సందేహాలు తీసేయండి. రేపు మీ బాస్ కూడా చూస్తారు. కాన్ఫిడెంట్‌గా ఉండాలి.

వి. రామారావు
అమ్మా, గ్యాప్ గురించి భయపడనక్కర్లేదు. రెజ్యూమెలో ఆ ఏళ్ళను ఖాళీగా వదలకుండా ఒక వరస రాయండి. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి Career break అని విడిగా పెట్టుకునే వీలుంది, అందులో Full-time parenting అని ఎంచుకోవచ్చు. ఇంటర్వ్యూలో అడిగితే సూటిగా చెప్పండి, సాగదీయకండి.

శైలజ_స్లైడ్స్
రామారావు గారూ, ధన్యవాదాలండీ. ఇంటర్వ్యూ అయిపోయింది, ఉద్యోగం వచ్చేసింది. ఇప్పుడు ఫొటో కింద రాసే మాటల గురించే అడుగుతున్నాను.

అచ్చుతప్పు
నాది ఎడిటింగ్ పని, ఇలాంటి చిన్న రాతలు రోజూ దిద్దుతుంటాను. కొంచెం పెద్ద సమాధానమే ఇస్తాను.

కిరణ్ గారు చెప్పింది సగం సరి. ఫీడ్‌లో మొదట కొద్దిగానే కనపడుతుంది, నిజమే. కానీ 125 అనేది ఇంగ్లిష్ రాతకు చెప్పే ఉజ్జాయింపు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు. పైగా మొత్తం రాత 125లో ముగియాల్సిన పనిలేదు, 2,200 దాకా రాసుకోవచ్చు. ముగియాల్సింది మొదటి వాక్యం.

అసలు తేడా ఇక్కడే ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. మీ వాక్యంలో అది "మొదలుపెడుతున్నానని" దగ్గరగానీ రాదు. అంతకుముందే కోత పడుతుంది. మీ రాతని ఆ 125 లెక్కన కోసి చూశాను. ఫీడ్‌లో స్నేహితులకు కనపడేది ఇంత:

"పెళ్ళయ్యి, పాప పుట్టి, ఇంటి బాధ్యతల వల్ల నాకెంతో ఇష్టమైన ఉద్యోగాన్ని వదిలి, పదకొండేళ్ళ సుదీర్ఘ విరామం తర్వాత, ఎన్నో భయాలు…"

ఇది చూసినవాళ్ళు పాపం ఏం కష్టం వచ్చిందో అనుకుంటారు. మీరు చెప్పదలుచుకున్న శుభవార్త మొత్తం "more" వెనక ఉండిపోయింది. "వల్ల, వదిలి, తర్వాత, మధ్య" అంటూ గొలుసు కట్టే వాక్యం సభలో మైకు పట్టుకున్నప్పుడు చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ మనిషి చివరిదాకా కూర్చుని వింటాడు. ఫోన్‌లో బొటనవేలు ఆగదు. మొదటి వాక్యం నాలుగైదు మాటల్లో క్రియతో సహా పూర్తయిపోవాలి.

రెండోది, ఈ రాత మీది కానట్టు ఎందుకుందంటే, ఇందులో ల్యాబ్ లేదు. "రెండో ఇన్నింగ్స్", "కలలకు వయసుతో పనిలేదు" అనేవి రిటైరయ్యాక తోటపని మొదలుపెట్టినాయన కూడా రాసుకోవచ్చు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మానేశాక మళ్ళీ మొదటిసారి పరికరం ముట్టుకున్నది ఎప్పుడు? అప్పుడు మీ చేతులు ఏం చేశాయి? మనసులో ఏమనిపించిందో వద్దు. చేతులు ఏం చేశాయో చెప్పండి.

శైలజ_స్లైడ్స్
ఇంటర్వ్యూ రోజునే ముట్టుకున్నాను. ఒక బ్లడ్ స్మియర్ ఇచ్చి డిఫరెన్షియల్ కౌంట్ చేయమన్నారు. తెలియనివాళ్ళకి చెప్తాను. రక్తపు బొట్టును గాజు పలక మీద పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో తెల్ల కణాలు ఏ రకానివి ఎన్ని ఉన్నాయో వంద దాకా లెక్కపెడతాం.

కణాలు స్పష్టంగా కనపడటానికి స్లైడ్ మీద ఆయిల్ చుక్క వేస్తాం, అది వేసేటప్పుడు చెయ్యి వణికింది. చుక్క పక్కన పడింది, తుడిచి మళ్ళీ వేశాను. ఇప్పుడు నాకు కళ్ళద్దాలు వచ్చాయి, అప్పట్లో లేవు. ఐపీస్‌కి కన్ను ఎంత దూరంలో పెట్టాలో కాసేపు అర్థం కాలేదు. కానీ ఫైన్ ఫోకస్ మీద వేళ్ళు వాటంతటవే తిరిగాయి, నేను ఆలోచించనే లేదు. వంద లెక్కపెట్టాను. నమ్మకం కలగలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. దాదాపు అంతే వచ్చింది. ఇవన్నీ చిన్న విషయాలండీ, వీటిని ఎవరు చదువుతారు?

అచ్చుతప్పు
ఇదే చదువుతారు. మీరడిగిన రెండూ ఇందులో ఉన్నాయి చూడండి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మీ టెన్షన్. దాదాపు అంతే రావడం మీ గర్వం. ఆ రెండు మాటలూ పేరు పెట్టి రాయక్కర్లేదు. "నాకు గర్వంగా ఉంది" అని రాస్తే డప్పు అవుతుంది. లెక్క కుదిరిందని రాస్తే చదివినవాళ్ళే ఆ మాట అనుకుంటారు.

పద్మజ టీచర్
నా అనుభవం చెప్పనా. నేను బడికి తిరిగి వెళ్ళినప్పుడు ఎందుకు మానేశానో, ఇప్పుడు ఎందుకు వెళ్తున్నానో, పిల్లల్ని ఎవరు చూసుకుంటారో అన్నీ వివరంగా రాసి పెట్టాను. ఎవరూ అడగకముందే జవాబులు చెప్పేస్తే గొడవ ఉండదనుకున్నాను. జరిగింది వేరు. వచ్చిన కామెంట్లన్నీ ఆ వివరాల మీదే. "చిన్నవాడు ఉండగలడా?", "ఇంకో రెండేళ్ళు ఆగాల్సింది" అని. నేను చేరుతున్నది ఏ క్లాసుకి, ఏ సబ్జెక్టు అని ఒక్కరూ అడగలేదు. మనం సంజాయిషీ ఇస్తే జనం జడ్జిలైపోతారు శైలజ గారూ. మీ రాతలో "ఇంటి బాధ్యతల వల్ల" అన్నది అలాంటిదే, తీసేయండి.

అచ్చుతప్పు
పద్మజ గారి మాటకి నాదొకటి కలుపుతాను. రాత ఎక్కడ ఆగుతుందో కామెంట్లు అక్కడి నుంచి మొదలవుతాయి. "ఆశీస్సులు కావాలి" అని ఆపితే వరసగా దణ్ణాల బొమ్మలు వస్తాయి, అంతే. లెక్క కుదిరిందన్న దగ్గర ఆపండి. పాత క్లాస్‌మేట్లు వాళ్ళ మొదటి స్లైడ్ కబుర్లు మొదలుపెడతారు.

ఇది ఒక చిత్తు, మార్చుకోండి:

"కళ్ళద్దాలు కొత్తవి. ఫోకస్ తిప్పే వేళ్ళు పాతవే.
పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను. ఆయిల్ చుక్క వేస్తుంటే చెయ్యి వణికింది. వంద కణాలు లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. రెండోసారీ దాదాపు అంతే వచ్చింది. సోమవారం నుంచి డ్యూటీ."

కిరణ్_కె
బాగుంది కానీ చెయ్యి వణకడం నాకింకా నచ్చలేదు. రిపోర్టులిచ్చే మనిషి చెయ్యి వణికిందంటే పేషెంట్లు ఏమనుకుంటారు?

ల్యాబ్_మూర్తి
ఇన్‌చార్జిగా చాలాకాలం చేసినవాణ్ణి, అందుకే మధ్యలో వస్తున్నాను. చెయ్యి వణికిందంటే మాకేమీ అనిపించదు, కొత్త చోట అందరికీ వణుకుతుంది. చుక్క తుడిచి మళ్ళీ వేశారా లేదా అన్నదే చూస్తాం. రెండోసారి లెక్కపెట్టిన మనిషిని నేనైతే వెంటనే తీసుకుంటాను.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. "దాదాపు" అన్న మాట పొరపాటున కూడా తీయకండి. వంద కణాలే లెక్కపెట్టినప్పుడు ఒకే స్లైడ్ మీద ఒకే మనిషికి కూడా అంకెలు మారతాయి. మొదటిసారి న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్ల కణాలు 60 వస్తే రెండోసారి 55 రావచ్చు, 64 రావచ్చు. అది తప్పు కాదు. వందే లెక్కపెడుతున్నాం కాబట్టి ఆ మాత్రం ఊగుతుంది. "సరిగ్గా అంతే వచ్చింది" అని రాస్తే ల్యాబ్ వాళ్ళు రెండోసారి అసలు లెక్కపెట్టలేదని నవ్వుకుంటారు. మా దగ్గర ట్రైనీలు అలా కాపీ కొట్టి దొరికిపోయేవాళ్ళు.

ఇప్పుడు చాలా చోట్ల మామూలు కౌంట్లు మెషీనే చేసేస్తోంది. మెషీన్‌కి తేడా అనిపించి ఫ్లాగ్ ఇచ్చినవాటికే స్మియర్ చూస్తున్నారు. అంటే మీ కంటి ముందుకొచ్చే స్లైడ్లు కష్టమైనవే. రాతకి అవసరమో కాదో అచ్చుతప్పు గారు చెప్పాలి.

అచ్చుతప్పు
అవసరం లేదు సార్. అది వేరే రోజు రాసుకోవాల్సిన మాట. ఇందులో ఇరికిస్తే పాఠం అయిపోతుంది.

కిరణ్ గారి అభ్యంతరాన్ని కొట్టిపారేయను. భయం రాయడంలో రెండు రకాలున్నాయి. "నాకు ఈ పని వస్తుందో రాదో" అని రాస్తే ఆ సందేహం రేపటి మీదకి పోతుంది, బాస్ చదివినా ఇబ్బందే. "చెయ్యి వణికింది" అంటే అయిపోయిన సంగతి, ఆ తర్వాత ఏం జరిగిందో వెంటనే చెప్తున్నాం. భయాన్ని జరిగిపోయిన క్షణంలో పెట్టండి, దాని పక్కనే చేసిన పని పెట్టండి. అప్పుడు దాన్ని ఎవరూ చేతగానితనం అనుకోరు.

నర్మద
పదకొండేళ్ళు అన్న అంకె ఎందుకసలు? అంకె చూడగానే అందరి బుర్రా అక్కడే ఆగుతుంది, అంత గ్యాపా అని. "చాలా కాలం తర్వాత" అంటే పోలేదా?

పద్మజ టీచర్
నాకు అంకె ఉంటేనే బాగుంది. "చాలా కాలం" అంటే రెండేళ్ళు మానేసినవాళ్ళూ అంటారు. పదకొండు అని చెప్పి, వేళ్ళు పాతవే అంటేనే కదా బరువు.

నర్మద
మీకు బరువు, హెచ్ఆర్ వాళ్ళకి లోటు. సరే, ఇంకొకటి. మొదటి చిత్తులో "కుటుంబ సభ్యుల ప్రోత్సాహంతో" ఉంది, రెండోదాంట్లో పోయింది. పోవడమే మంచిదైంది. మగవాడు ఉద్యోగంలో చేరితే "నా భార్య ప్రోత్సాహంతో" అని ఎవడైనా రాస్తాడా? పర్మిషన్ ఇచ్చినందుకు థాంక్స్ చెప్పినట్టుంటుంది.

శైలజ_స్లైడ్స్
నర్మద గారూ, మీరన్నది నాకు అర్థమైంది. కానీ మా అత్తయ్య విషయంలో మనసు ఒప్పుకోవడం లేదు. పాప బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండేది ఆవిడే. ఇంటర్వ్యూకి ముందు నేను పాత పుస్తకాలు తీసి చదువుతుంటే వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆవిడ పేరు లేకుండా పెడితే అబద్ధం చెప్పినట్టుంటుంది. ఆవిడకి ఇన్‌స్టాగ్రామ్ లేదు, చదవదు కూడా. అయినా సరే.

అచ్చుతప్పు
అయితే పెట్టండి. "ప్రోత్సాహం" అనకుండా ఆవిడ చేసిన పని పెట్టండి. "నేను చదువుకున్నన్నాళ్ళూ అత్తయ్య నన్ను వంటింట్లోకి రానివ్వలేదు." మొదట గొడవేమో అనిపించి, తర్వాత నవ్వొస్తుంది. కృతజ్ఞతలు అని రాసినా ఇంత చేరదు.

నర్మద
వాక్యం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ నా అభ్యంతరం వాక్యం మీద కాదు. ఇంట్లో పని ఎవరు చూసుకుంటున్నారన్న లెక్క మళ్ళీ ఆడదే చెప్పాల్సి వస్తోంది కదా. ఆవిడకి థాంక్స్ ఇంట్లో చెప్పొచ్చు, ఫొటో కింద ఎందుకు?

పద్మజ టీచర్
ఆవిడా ఆడదే కదమ్మా నర్మదా. ఆవిడ చేసింది ఎక్కడా లెక్కలోకి రాకపోతే అదీ అన్యాయమే.

వి. రామారావు
అత్తగారిని తలుచుకోవడం మన సంస్కారం. తప్పకుండా ఉంచండి. మా కోడలు కూడా వచ్చే నెల చేరుతోంది. తనకి ఇలాంటిదొకటి రాసిస్తారా ఎవరైనా? బ్యాంకులో.

అచ్చుతప్పు
రామారావు గారూ, చేరాక మీ కోడలినే అడగండి, మొదటి రోజు చేతులు ఏం చేశాయో. నేను రాసిస్తే అది నా రాత అవుతుంది.

ల్యాబ్_మూర్తి
ఫొటో సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఏ ఫొటో పెడుతున్నారు?

శైలజ_స్లైడ్స్
మొదటి రోజు కోటు వేసుకుని మైక్రోస్కోప్ పక్కన తీసుకుందామనుకున్నాను. మెడలో ఐడీ కార్డుతో.

ల్యాబ్_మూర్తి
వద్దమ్మా. ఒక్కోటి చెప్తాను. బల్ల మీద శాంపిల్ ట్యూబులు ఉంటాయి, వాటి మీద పేషెంట్ పేరు, బార్‌కోడ్ ఉంటాయి. ఫొటోలో చిన్నగానే పడతాయనుకుంటాం, జూమ్ చేస్తే చదవొచ్చు. ఒకరి పేరు, వాళ్ళకి టెస్ట్ జరిగిందన్న సంగతి బయటికి పోయినట్టే. వెనక కంప్యూటర్ తెర ఉంటే అదీ అంతే. చేరిన రోజే అలాంటి పని జరిగితే ఉద్యోగానికే ముప్పు. ఐడీ కార్డు మీద నంబరు, కోడ్ ఉంటాయి, అవి కూడా నెట్‌లోకి ఎక్కకూడదు. ఇక ఫోన్. శాంపిళ్ళు పెట్టే బల్ల దగ్గర ఫోన్ బయటికి తీయకూడదన్నది ల్యాబ్‌లో మొదటి పాఠం. గ్లౌజులతో ముట్టుకున్న ఫోన్‌నే ఇంటికెళ్ళి చెవి దగ్గర పెట్టుకుంటాం. మీ ఇన్‌చార్జి ఆ ఫొటో చూస్తే చెయ్యి వణకడం గురించి కాదు, దీని గురించి అడుగుతాడు.

అచ్చుతప్పు
మూర్తి గారు రాతకి కూడా మేలు చేశారు. ఫొటోలో మైక్రోస్కోప్ ఉంటే "మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను" అని మళ్ళీ రాయడం దండగ. బొమ్మ చెప్పేది రాత చెప్పకూడదు. బయలుదేరేముందు ఇంట్లోనే, కళ్ళద్దాలు పెట్టుకున్న మామూలు ఫొటో తీసుకోండి. "కళ్ళద్దాలు కొత్తవి" అన్న మొదటి మాటకి ముఖం జవాబు చెప్తుంది. మిగతా ల్యాబంతా రాతలో ఉంటుంది. పాపని పక్కన నిలబెట్టాలనిపిస్తే యూనిఫాంలో వద్దు, బడి పేరు పడుతుంది.

కిరణ్_కె
హ్యాష్‌ట్యాగులు మాత్రం పెట్టండి. కొన్నైనా ఉంటే రీచ్ వస్తుంది.

పద్మజ టీచర్
ఆవిడకి రీచ్ ఎందుకు బాబూ? పాత స్నేహితులు చూస్తే చాలన్నారు కదా మొదట్లోనే.

శైలజ_స్లైడ్స్
రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను. అచ్చుతప్పు గారి చిత్తులో కొన్ని ఉంచి, కొన్ని నావి పెట్టాను. మూర్తి గారి "దాదాపు" భద్రంగా ఉంది.

"కళ్ళద్దాలు కొత్తవి. ఫోకస్ తిప్పే వేళ్ళు పాతవే.
ఇంటర్వ్యూలో స్లైడ్ ఇచ్చి చూడమన్నారు. ఆయిల్ చుక్క పక్కన పడింది. తుడిచి మళ్ళీ వేశాను. వంద కణాలు లెక్కపెట్టి, నమ్మకం చాలక ఇంకోసారి లెక్కపెట్టాను. దాదాపు అంతే వచ్చింది.
నేను చదువుకున్నన్నాళ్ళూ అత్తయ్య నన్ను వంటింట్లోకి రానివ్వలేదు.
పదకొండేళ్ళ తర్వాత, ఈ రోజు డ్యూటీలో చేరాను."

"చెయ్యి వణికింది" తీసేశాను. కిరణ్ గారి కోసం కాదు. చుక్క పక్కన పడిందంటే వణికిందనే కదా అర్థం. చివరి వరసలో "చేరాను" అని రాశాను కాబట్టి ముందురోజు కాకుండా సోమవారం సాయంత్రం ఇంటికొచ్చాకే పెడతాను.

అచ్చుతప్పు
వణుకు తీసేయడం నాకు తట్టలేదు, మీదే మెరుగు. ఒక్క అనుమానం. అత్తయ్య వరస మధ్యలో ఉండటం వల్ల స్లైడ్ నుంచి వంటింటికి, వంటింటి నుంచి డ్యూటీకి దూకుతోంది. దాన్ని ఇంటర్వ్యూ కంటే ముందుకి జరిపి చూడండి, జరిగిన వరస కూడా అదే కదా. మొదటి వరస మాత్రం కదపకండి. ఒకసారి ఇంకొకరి ఫోన్‌లో చూసుకోండి, మొదటి వాక్యాలు రెండూ కోతకి ముందే పూర్తవుతున్నాయో లేదో.

నర్మద
అంకె చివరికి జరిగింది కాబట్టి నాకు కొంచెం నయం. ఫీడ్‌లో మొదట కనపడదు. అత్తయ్య వరస మీద నా మాట నాదే.

శైలజ_స్లైడ్స్
అత్తయ్య వరసని ముందుకి జరిపి చూశాను. చదవడానికి సాఫీగా ఉంది, కానీ లెక్క కుదిరిన వెంటనే "చేరాను" వచ్చేసరికి లెక్క కుదిరింది కాబట్టే ఉద్యోగం ఇచ్చారన్నట్టుంది. అది నిజమో కాదో నాకు తెలియదు. మూర్తి గారూ, అలా అనిపిస్తోందా?

ల్యాబ్_మూర్తి
అనిపిస్తే అనిపించనివ్వమ్మా. నేను ఇన్‌చార్జిగా ఉండి ఉంటే అందుకే ఇచ్చేవాణ్ణి.